ఏడాదిలో మూడు రోజుల ప్రింటింగ్ కోసం 12 నెలల ఈఎంఐ?

ప్రశ్న: మాది ముగ్గురం పనిచేసే చిన్న అకౌంట్స్ ఆఫీసు. రోజుకు పది పన్నెండు పేజీలకు మించి ప్రింట్ తీయం. కానీ ఏడాదిలో మూడుసార్లు మాత్రం ఒకేరోజు ఏడు వందల పేజీల దాకా తీయాల్సి వస్తుంది. పాత ప్రింటర్ రేపో మాపో అన్నట్టుంది. ఇంక్ ట్యాంక్ అయితే ఎండిపోతుందని ఒకరు, లేజర్ అయితే టోనర్ ఖర్చు తట్టుకోలేవని ఇంకొకరు భయపెడుతున్నారు. ఎలాగూ కొంటున్నాం కదా అని కలర్ లేజర్ ఆల్ ఇన్ వన్ 12 నెలల ఈఎంఐలో తీసుకుందామనుకుంటున్నాను. డౌన్ పేమెంట్ ఒక లోన్ యాప్ వెంటనే ఇస్తానంటోంది. నెలన్నర ఖర్చులకు సరిపడా అత్యవసర నిధి ఉంది, దాన్ని మాత్రం కదపను. సరైన నిర్ణయమేనా?

జవాబు: ముందు ఆ లోన్ యాప్‌ని ఫోన్‌లోంచి తీసేయండి. ఆ తర్వాత ప్రింటర్ సంగతి మాట్లాడుకుందాం.

మీ ఉత్తరం ఎంచుకోవడానికి కారణం ఉంది. బాగా పని ఉన్న రోజును చూసి మిషన్ కొనేవాళ్లు నాకు తరచూ తగులుతుంటారు. ఏడాదికోసారి చుట్టాలందరూ వస్తారని బస్సు కొనిపెట్టుకున్నట్టు ఉంటుంది ఆ లెక్క. మీ పేజీలు కాగితం మీద పెట్టి చూద్దాం. రోజుకు 12 పేజీలు, నెలకు 25 పనిదినాలు, అంటే నెలకు 300, ఏడాదికి 3,600. దానికి మూడు దఫాల 700 కలిపితే ఇంకో 2,100. మొత్తం 5,700 పేజీలు. ఆఫీసు ప్రింటర్‌కి ఇదేం బరువు కాదు. బాగా పనున్న నెలలో కూడా వెయ్యి పేజీలే అవుతుంది కాబట్టి మీరు చూస్తున్న రెండు రకాలూ మోస్తాయి.

ఇక ఎండిపోవడం సంగతి. భయం నిజమే, కానీ అది మీది కాదు. ఇంక్ ద్రవం. అది హెడ్‌లో కంటికి కనపడనంత సన్నని రంధ్రాల్లోంచి రావాలి. మిషన్ వారాల తరబడి ఊరికే ఉంటే ఆ రంధ్రాల దగ్గర సిరా గట్టిపడి మూసుకుపోతుంది. లేజర్‌లో ఉండేది టోనర్ అనే పొడి, దానికి ఎండిపోయే గొడవే లేదు. అందుకే 'తక్కువ ప్రింట్ చేసేవాళ్లు లేజర్ కొనండి' అనే మాట ప్రచారంలో ఉంది. నన్నడిగితే చూడాల్సింది రోజుకు ఎన్ని పేజీలన్నది కాదు, ఒక్క పేజీ కూడా తీయకుండా మిషన్ ఎన్ని రోజులు పడి ఉంటుందన్నది. రోజుకు పన్నెండు పేజీలు తీస్తుంటే నల్ల సిరా రంధ్రాలు ఎప్పుడూ తడిగానే ఉంటాయి. చిక్కల్లా రంగులతోనే. మీరు తీసేవన్నీ నలుపు కాగితాలే అయితే మిగతా మూడు రంగుల రంధ్రాలు ఖాళీగా కూర్చుంటాయి. వారానికి ఒకసారి ఆ రంధ్రాలను పరీక్షించే నాజిల్ చెక్ పేజీ తీయండి. సన్నని గీతలన్నీ తెగకుండా వచ్చాయంటే హెడ్ బాగున్నట్టే. గీతల మధ్య ఖాళీలు కనపడితే అప్పుడే, అదీ ఒక్కసారే క్లీనింగ్ చేయాలి.

ఒక్కసారే అని ఎందుకంటున్నానో నా చేతులు కాలాయి కాబట్టి తెలుసు. మా ఆఫీసులో ట్యాంక్ ప్రింటర్‌ని రోజూ సాయంత్రం గోడ మీది స్విచ్ దగ్గర ఆపేసేవాళ్లం, కరెంటు ఆదా అని. దాని మీదున్న పవర్ బటన్ నొక్కి ఆపితే హెడ్ తప్పకుండా మూలకు వెళ్లి రబ్బరు మూత కింద కూర్చుంటుంది. పేజీ మధ్యలోనో, క్లీనింగ్ మధ్యలోనో గోడ దగ్గర ఆపేస్తే మూత లేకుండానే ఆగిపోతుంది. మూడు వారాలు సెలవుల తర్వాత వచ్చి చూస్తే పేజీ నిండా తెల్ల చారలు. వరసపెట్టి అయిదుసార్లు క్లీనింగ్ నొక్కాను. ట్యాంకులో మట్టం కళ్లముందే దిగింది. ఆ దిగిన సిరా అంతా ఎక్కడికి పోయిందంటే మిషన్ అడుగున వాడేసిన సిరాను పీల్చుకునే ప్యాడ్‌లోకి. కొన్నాళ్లకి ఆ ప్యాడ్ నిండిందని మిషన్ మొరాయించింది. అప్పుడు బాగుచేయించడానికి ఆఫీసు నిధిలోంచి డబ్బు తీశాను, అప్పు అడగలేదు. ఈ మాట మళ్లీ వస్తుంది, గుర్తుంచుకోండి. కొనేటప్పుడు ఆ ప్యాడ్ లేదా మెయింటెనెన్స్ బాక్స్ మీరే మార్చుకునేలా ఉన్న మోడల్ చూసుకోండి. లేకపోతే దానికోసం కూడా సర్వీస్ సెంటర్ చుట్టూ తిరగాలి.

ఇక ఆ మూడు రోజులు. చిన్న ట్యాంక్ ప్రింటర్ నలుపులో నిమిషానికి పది పేజీలు తీస్తుందనుకోండి. 700 పేజీలకు 70 నిమిషాలు. చిన్న లేజర్ నిమిషానికి ఇరవై తీస్తే 35 నిమిషాలు. తేడా 35 నిమిషాలు, ఏడాదికి మూడుసార్లు. అంటే ఏడాది మొత్తం మీద రెండు గంటలు కూడా లేదు. మీరు 12 నెలలు వాయిదాలు కట్టబోతున్నది ఆ రెండు గంటల కోసం! నిజమే, ట్యాంక్ ప్రింటర్ల ట్రేలో సాధారణంగా వంద కాగితాలే పడతాయి కాబట్టి ఏడుసార్లు లేచి నింపాలి. రెండు వైపులా ప్రింట్ చేస్తే సగం కాగితాలతో పోతుంది, కానీ ట్యాంక్ ప్రింటర్ ఒక వైపు ఆరడానికి ఆగుతుంది గనక టైము ఎక్కువ పడుతుంది. ముందురోజు మధ్యాహ్నం మొదలుపెడితే సరి.

టోనర్ గురించి మిమ్మల్ని భయపెట్టిన మనిషి మాత్రం అబద్ధం చెప్పలేదు. చిన్న లేజర్ల మామూలు టోనర్ 1,500 పేజీల దగ్గర అయిపోతుందనుకుంటే మీ 5,700 పేజీలకు ఏడాదికి దాదాపు నాలుగు కావాలి. ఒక్కో టోనర్ ధర మిషన్ ధరలో మూడో వంతు ఉందనుకోండి, మూడో టోనర్ కొనేసరికి ఇంకో ప్రింటర్ కొన్నట్టే. ట్యాంక్‌లో అయితే ఒక నల్ల సిరా సీసా వేలల్లో పేజీలు ఇస్తుంది. మీ లెక్కకు ఏడాదికి ఒకటో, మహా అయితే రెండో. పెట్టె మీద రాసిన అంకె మాత్రం పూర్తిగా నమ్మకండి. అది పేజీలో సుమారు 5 శాతం మేరే సిరా పడుతుందనుకుని వేసిన లెక్క. మీ లెడ్జర్ పట్టికల్లో గళ్లు, నల్లటి హెడ్డింగులు ఉంటే తగ్గుతుంది. మొదటి సీసాలో కొంత ట్యూబులు నింపడానికే పోతుంది. లేజర్‌లోనూ ఇలాంటి తిరకాసు ఉంది. కొత్త మిషన్‌తో వచ్చే టోనర్ తరచూ నిండు టోనర్ కాదు, కొన్ని వందల పేజీలకే చేతులెత్తేస్తుంది. అంటే మీ మొదటి 700 పేజీల రోజునే, సరిగ్గా అర్ధరాత్రి, 'టోనర్ అయిపోవస్తోంది' అని కనపడొచ్చు.

ఇక మీరు మనసు పడ్డ కలర్ లేజర్. అందులో టోనర్ ఒకటి కాదు, నాలుగు. మీరు నలుపే తీసినా రంగులు సరిచూసుకునే పనిలో మిగతావీ కొంత కరుగుతుంటాయి. అనేక చిన్న మోడళ్లలో నాలుగు అసలు టోనర్ల సెట్టు ధర మిషన్ ధరకు దగ్గరగా వస్తుంది. ఈఎంఐ ఇంకా సగం కట్టకముందే ఆ సెట్టు కొనాల్సిన రోజు వస్తే ఏం చేస్తారు? మళ్లీ ఆ యాప్ తెరుస్తారు. నా భయమంతా అదే.

ట్యాంక్ కొనండి, అదీ పూర్తి డబ్బు చేతిలో పెట్టుకుని. మీ ఆఫీసు నెలల తరబడి మూతపడేదైనా, మీ కాగితాల మీద నీళ్లు పడినా అక్షరం చెదరకూడదన్నా నలుపు లేజర్ తీసుకోమనేవాణ్ణి. మంచి సెకండ్ హ్యాండ్ నలుపు లేజర్ కూడా చెడ్డ బేరం కాదు, పొడిని కాగితం మీదకు చేర్చే డ్రమ్ ఎన్ని పేజీలు తిరిగిందో సెట్టింగ్స్ పేజీ తీసి చూసుకుంటే. మొదటి దఫా పని బయట జిరాక్స్ సెంటర్లో చేయించుకోవడమూ తప్పు కాదు.

ఇప్పుడు నిధి దగ్గరకొద్దాం. 'దాన్ని కదపను' అన్నారు. మీరు కదపరు, ఈఎంఐ కదుపుతుంది. అకౌంట్స్ ఆఫీసుకు ఫీజులు ఒకేసారి, సీజన్లో వస్తాయి. వాయిదా మాత్రం ప్రతి నెలా అదే తారీఖున వస్తుంది. ఒక పెద్ద క్లయింట్ రెండు నెలలు డబ్బు ఆపాడనుకోండి. అద్దె, ఇద్దరి జీతాలు, కరెంటు పోగా మీ నెలన్నర నిధి రెండో నెల మధ్యలో ఖాళీ అవుతుంది. అప్పుడు చేతిలో డబ్బు లేదు, ఎదురుగా వాయిదా, పక్కన యాప్ వాడి ఆలస్య రుసుము. ముందే ఫీజు కోసుకుని మిగతాది చేతిలో పెట్టి, కొద్ది వారాల్లో తిరిగివ్వమనే అప్పుతో ప్రింటర్ డౌన్ పేమెంట్ కట్టడం అకౌంట్స్ తెలిసిన మనిషి చేయాల్సిన పనేనా, మీరే చెప్పండి. కోపం కాదు, ఆ రేటు ఏడాదికి ఎంతవుతుందో మీ క్లయింట్‌కి అయితే మీరే లెక్క వేసి చూపించేవారు.

ఇలా చేయండి. ఆ ఈఎంఐ ఎంతో అంత మొత్తాన్ని వచ్చే నెల నుంచి విడి ఖాతాలో వేసుకోండి, ఈఎంఐ కడుతున్నట్టే. ట్యాంక్ ప్రింటర్ ధర ఆ కలర్ లేజర్‌లో సగం ఉందనుకుంటే ఆరేడు నెలలకు డబ్బు చేతికొస్తుంది. మిగతా నెలల మొత్తం నేరుగా అత్యవసర నిధిలోకి. సీజన్ ఫీజులు వచ్చినప్పుడు ఇంకొంత కలిపి, దాన్ని నెలన్నర నుంచి కనీసం ఆరు నెలల ఖర్చులకు తీసుకెళ్లండి. ఆఫీసు నిధి, ఇంటి నిధి వేర్వేరు ఖాతాల్లో ఉండాలి. పెద్ద దఫాకి రెండు వారాల ముందు బీరువాలో నల్ల సిరా సీసా ఒకటి సీలు తీయకుండా ఉందో లేదో చూసుకోండి. ట్యాంకు మీది కింది గీత దాటి సిరా దిగనివ్వకండి, ట్యూబుల్లోకి గాలి వెళితే మళ్లీ క్లీనింగులే. వారంటీ ఏడాదా, లేక ఇన్ని పేజీలా, ఏది ముందైతే అదా అన్నది కూడా అడగండి.

పాత ప్రింటర్ ఇంకా కాగితం లాగుతోందంటే అమ్మేయకండి. కొత్తది మొదటి 700 పేజీలు ఆగకుండా తీశాక దాని సంగతి చూడొచ్చు.