అంగారకుడి మీద మీ అమ్మాయికి ఇంకా ఎనిమిది నిండలేదు

ప్రశ్న: మా అమ్మాయి 2010 ఆగస్టు 15న పుట్టింది. 2025 ఫిబ్రవరి 28 నాటికి మిగతా గ్రహాల మీద తన వయసు ఎంతో లెక్కగట్టి సైన్స్ డే చార్టు మీద రాయాలట. అంగారకుడికి ఒకచోట 7.73, ఇంకోచోట 7.94 వచ్చింది. ఏది సరి?

7.73 సరైనది. నేను ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతాను; తొమ్మిదో తరగతి పిల్లల చేత ఈ లెక్క చేయించినప్పుడు ఈ రెండు సంఖ్యలూ పక్కపక్క చార్టుల మీద కనిపించడం నాకు కొత్త కాదు. అంగారకుడు సూర్యుడి చుట్టూ ఒకసారి తిరగడానికి 686.98 భూమి రోజులు పడుతుంది. అయితే అక్కడి పగలూ రాత్రీ కలిసిన ఒక రోజు మన రోజు కంటే దాదాపు 40 నిమిషాలు ఎక్కువ కాబట్టి, అదే కాలాన్ని అక్కడి రోజుల్లో కొలిస్తే 668.6 అవుతుంది. కొన్ని పట్టికల్లో ఈ రెండో సంఖ్యే ఉంటుంది. అమ్మాయి వయసును భూమి రోజుల్లో తీసుకుని దాన్ని అంగారకుడి రోజులతో భాగిస్తే 7.94 వస్తుంది. పైనా కిందా ఒకే రకం రోజులు ఉండాలన్నది ఈ లెక్కలో తప్పకుండా చూసుకోవలసిన విషయం.

అందుకే వయసును ముందుగా రోజుల్లోకి మార్చుకోవడం మంచిది. 2010 ఆగస్టు 15 నుంచి 2024 ఆగస్టు 15 వరకు 14 సంవత్సరాలు, అంటే 5,110 రోజులు. మధ్యలో 2012, 2016, 2020, 2024లలో ఫిబ్రవరి 29 వచ్చింది కనుక మరో 4 కలపాలి. అక్కడి నుంచి 2025 ఫిబ్రవరి 28 వరకు 197 రోజులు. మొత్తం 5,311. కంప్యూటర్‌లో స్ప్రెడ్‌షీట్ ఉంటే ఇలా సరిచూసుకోవచ్చు:

```
=DATE(2025,2,28)-DATE(2010,8,15)
```

ఈ 5,311ను ఆ గ్రహపు పరిభ్రమణ కాలంతో భాగిస్తే వయసు వస్తుంది. బుధుడికి 87.969 రోజులు కాబట్టి 60.37; అంటే మీ అమ్మాయికి అక్కడ షష్టిపూర్తి కూడా అయిపోయింది. దశాంశం తరువాతి 37ను నెలలుగా చదవకూడదు, అది నడుస్తున్న బుధ సంవత్సరంలో గడిచిన భాగం మాత్రమే. 61వ పుట్టినరోజు ఎప్పుడో కావాలంటే 61ని 87.969తో గుణించాలి. 5,366 రోజులు వస్తాయి, అంటే ఇంకా 55 రోజులు. అది 2025 ఏప్రిల్ 24. పుస్తకాల్లో ఉండే 88 రోజులతోనే చేస్తే వయసు పెద్దగా మారదు గానీ, ప్రతి చుట్టుకూ కాస్త చొప్పున పేరుకున్న తేడా వల్ల పుట్టినరోజు రెండు రోజులు జరిగి ఏప్రిల్ 26న పడుతుంది. చార్టు మీద తేదీ రాసే ఉద్దేశం ఉంటే దశాంశాలు వదలకండి. అంగారకుడి మీద 8వ పుట్టినరోజు ఇదే పద్ధతిలో 2025 సెప్టెంబరు 1న వస్తుంది.

దూరపు గ్రహాల సంగతి త్వరగా తేలిపోతుంది. గురుడికి 4,332.59 రోజులు కనుక వయసు 1.23, మొదటి పుట్టినరోజు 2022 జూన్ చివర్లో దాటింది. ఈ కాలం మన ఇళ్లలో అందరికీ తెలిసినదే, ఎందుకంటే గురుడు పన్నెండు రాశులూ చుట్టి వచ్చే సుమారు 12 ఏళ్ల కాలాన్నే మనం పుష్కరం అంటున్నాం. శనికి 10,759 రోజులు, వయసు 0.49, అక్కడ మొదటి పుట్టినరోజు 2040 జనవరి చివర్లో గానీ రాదు. యురేనస్‌కు సుమారు 84 ఏళ్లు, నెప్ట్యూన్‌కు దాదాపు 165 ఏళ్లు పడుతుంది కాబట్టి వాటి మీద వయసు వరుసగా 0.17, 0.09.

శుక్రుడి దగ్గర మాత్రం జాగ్రత్త అవసరం. శుక్రుడు తన చుట్టూ తాను తిరగడానికి 243 రోజులు, సూర్యుడి చుట్టూ తిరగడానికి 224.7 రోజులు పడుతుంది. భ్రమణ కాలం, పరిభ్రమణ కాలం రెండూ పట్టికలో పక్కపక్క గళ్లలో ఉండటం వల్ల పిల్లలు మొదటిదాన్ని తీసుకుని 21.86 అని రాస్తారు, అది చూడటానికి నమ్మదగినట్టే ఉంటుంది. సరైన సమాధానం 23.64. అనుమానం వస్తే కెప్లర్ మూడో నియమంతో సరిచూడవచ్చు: సూర్యుడి నుంచి శుక్రుడి దూరం భూమి దూరంలో 0.723 వంతు, దాని ఘనం 0.378, ఆ ఘనానికి వర్గమూలం 0.615. శుక్రుడి సంవత్సరం మన సంవత్సరంలో 0.615 వంతు అన్నమాట. మీ అమ్మాయి భూమి వయసు 14.54ను దానితో భాగిస్తే మళ్లీ 23.64 దగ్గరికే వస్తుంది, 21.86 రాదు.