భజన పోస్టర్ మీద ఎన్ని మాటలుండాలి?

అమ్మాయికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన పోస్టర్ రాత చూశాను. తప్పుల్లేవు, మర్యాదగా ఉంది, పెద్దలు చూస్తే మెచ్చుకుంటారు. కానీ దాన్ని గోడకు అంటించకు. అది ఆహ్వాన పత్రికకు సరిపోయే రాత. పోస్టర్ రాయడం వేరే పని. ఇన్నేళ్లు భజన మండలి నడిపి నేర్చుకున్న తేడా అదే, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

పత్రిక చేతికి వస్తుంది. మనిషి కూర్చుని చదువుతాడు. పోస్టర్ దగ్గర ఎవరూ ఆగరు. నడిచిపోతూ, బండి మీద వెళ్తూ, పిల్లాణ్ణి చెయ్యి పట్టుకుని లాక్కుపోతూ ఒకసారి తల తిప్పి చూస్తారు. ఆ ఒక్క చూపులో ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ అన్నవి కళ్లలో పడాలి. పడకపోతే రెండోసారి చూడరు.

ఇప్పుడు నీ రాతను ఆ కళ్లతో చూద్దాం.

"ఓం శ్రీ రామ. భక్త మహాశయులకు విజ్ఞప్తి. మన భజన మండలి ఆధ్వర్యంలో, పెద్దల ఆశీస్సులతో, లోక కల్యాణార్థం తలపెట్టిన భక్తి సంగీత విభావరి కార్యక్రమం డిసెంబర్ 14వ తేదీ ఆదివారం నాడు సాయంత్రం 6.00 గం.లకు రామాలయ ప్రాంగణంలో అత్యంత వైభవంగా జరుగును. కావున యావన్మంది భక్తులు బంధుమిత్ర సపరివార సమేతంగా విచ్చేసి, కార్యక్రమాన్ని జయప్రదం చేసి, స్వామివారి కృపకు పాత్రులు కాగలరని మనవి."

లెక్కపెట్టాను, 47 మాటలు. కింద కమిటీ వాళ్ల పేర్లు వేరే. చదివేవాడు తేదీ దగ్గరికి రావాలంటే ముందు 19 మాటలు దాటాలి. ఎక్కడ అన్నది ఇంకా తర్వాత. దారిన పోయేవాడికి "భక్త మహాశయులకు విజ్ఞప్తి" దగ్గరే గోడ అయిపోతుంది.

నేనైతే ఇలా రాస్తాను:

భజన సంధ్య
మీరూ పాడవచ్చు
డిసెంబర్ 14, ఆదివారం
సాయంత్రం 6 నుంచి 8 వరకు
రామాలయం మండపం

మొత్తం 14 మాటలు. అట్టడుగున చిన్న అక్షరాల్లో మండలి పేరు, ఒకే ఒక్క ఫోన్ నంబర్ ఉంటే చాలు. ఒక్కో మాట ఎందుకు మార్చానో చెబుతాను, రేపు ఇంకో కార్యక్రమానికి నువ్వే రాసుకోగలగాలి కదా.

ముందు పేరు. "భక్తి సంగీత విభావరి" వినడానికి బాగుంటుంది. కానీ ఆ మాట చూడగానే స్టేజీ, మైకులు, ముందు వరసలో కుర్చీలు గుర్తొస్తాయి. ఎవరో పాడతారు, మనం వింటాం అనుకుంటారు. పైగా విభావరి అంటే రాత్రి. మీరు మొదలుపెట్టేది సాయంత్రం ఆరింటికి. మీరు చేసేది ఒకరు ఎత్తుకుంటే అందరూ అందుకునే భజన. కాబట్టి భజన అన్న మాటే పైన, అన్నిటికంటే పెద్దగా ఉండాలి. "కార్యక్రమం" అన్న మాట తీసేశాను. భజన సంధ్య అన్నాక అది కార్యక్రమమని వేరే చెప్పక్కర్లేదు.

రెండో వరస నా దృష్టిలో పోస్టర్‌కి ప్రాణం. భజన పోస్టర్ చూసిన మనిషికి మనసులో ఒక సందేహం వస్తుంది. "నేను వెళ్తే ఏం చెయ్యాలి? నాకు పాడటం రాదు. మండలి వాళ్లు ఏమనుకుంటారో." చాలామంది ఆ ఒక్క మొహమాటంతోనే ఆగిపోతారు. వచ్చాక కూడా గుమ్మం దగ్గర నిలబడి చూసి వెళ్లిపోయినవాళ్లని నేను ఎందరినో చూశాను. "యావన్మంది భక్తులు బంధుమిత్ర సపరివార సమేతంగా విచ్చేసి" అన్నది వాళ్ల సందేహానికి జవాబు కాదు. అది అన్ని పోస్టర్లలోనూ ఉండే మాట, కళ్లు దాని మీద నిలవవు. "మీరూ పాడవచ్చు" అన్న రెండు మాటలు నేరుగా ఆ మనిషితో మాట్లాడతాయి. అందులో ఆ "రూ" దీర్ఘం ముఖ్యం. మండలి వాళ్లే కాదు, మీరు కూడా అని ఆ ఒక్క అచ్చు చెబుతుంది. మీరు పాటల కాగితాలు పంచేటట్టయితే "పాటల కాగితం ఇస్తాం" అని కింద చిన్నగా వేయండి, పాట రానివాళ్లకి ధైర్యం వస్తుంది. పంచకపోతే మాత్రం ఆ మాట వేయకండి. ఒకవేళ అది నిజంగా కచేరీ అయితే, జనం పాడేది లేకపోతే, "మీరూ పాడవచ్చు" తీసేసి "వినడానికి రండి" అని రాయాలి. పోస్టర్ చెప్పింది ఒకటి, లోపల జరిగింది ఇంకొకటి అయితే వచ్చినవాళ్లు నొచ్చుకుంటారు.

తేదీ సంగతి. తేదీ, వారం రెండూ వేయాలి, క్యాలెండర్ ఎదురుగా పెట్టుకుని రెండూ కలుస్తున్నాయో లేదో చూడాలి. పోయినేటి పోస్టర్‌లో తేదీ మార్చి వారం మార్చడం మరిచిపోవడం అందరూ చేసే పొరపాటు. ఆ తప్పుంటే ఒకటే వేసినదానికంటే నష్టం, ఏది నమ్మాలో తెలియదు. "14-12" అని అంకెల్లో వేస్తే మనసులో నెల పేరుగా మార్చుకోవాలి, "డిసెంబర్ 14" అంటే ఆ పని లేదు. "ఈ ఆదివారం" అని మాత్రం ఎప్పుడూ రాయకు. నేనొకసారి "ఈ శనివారం" అని రాసి, పది రోజుల ముందే అంటించాను. ముందు వచ్చిన శనివారం నాడే కొందరు వచ్చి, తాళం వేసిన తలుపు చూసి తిరిగి వెళ్లారు. వాళ్లలో ముసలివాళ్లు కూడా ఉన్నారు. ఆ సంగతి నాకు ఇప్పటికీ బాధే. తిథి వేయాలనిపిస్తే తేదీ కింద చిన్నగా వేసుకో, తేదీ బదులు వద్దు.

సమయం "సాయంత్రం 6.00 గం.లకు" అని రాశావు. చుక్కలు, సున్నాలు, పొడి అక్షరాలు దూరం నుంచి కలిసిపోతాయి. "సాయంత్రం 6" చాలు. నేను ముగిసే వేళ కూడా చేర్చాను చూడు. రాత్రి వంట ఉన్నవాళ్లు, మర్నాడు పొద్దున్నే బడికి పిల్లల్ని పంపాల్సినవాళ్లు ఎనిమిదింటికి అయిపోతుందని తెలిస్తేనే బయల్దేరతారు. వేశాక ఎనిమిదింటికి ముగించే బాధ్యత మీది.

"జరుగును", "కాగలరని మనవి" లాంటి క్రియలేవీ పోస్టర్‌కి అక్కర్లేదు. పేరు, రోజు, వేళ, చోటు ఒకదాని కింద ఒకటి ఉంటే జరుగుతుందని ఎవరైనా అర్థం చేసుకుంటారు. "అత్యంత వైభవంగా" తీసేసినందుకు బాధపడకు, అది వచ్చినవాళ్లు చెప్పాల్సిన మాట.

ఇక అక్షరాల సైజు. బోర్డులు రాసేవాళ్లకి ఒక మోటు లెక్క ఉంది: పది అడుగుల దూరానికి ఒక అంగుళం ఎత్తు అక్షరం ఉంటే హాయిగా చదవవచ్చు. మన లిపిలో ఒక చిక్కు ఉంది. పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి కాబట్టి వరస ఎత్తు అంగుళం అంటే అసలు అక్షరం అందులో సగమే ఉండవచ్చు. కొలిచేటప్పుడు "న" లాంటి ఒట్టి అక్షరాన్ని కొలవాలి. నువ్వు అనుకున్న ఎ3 కాగితం సుమారు 11.7 అంగుళాల వెడల్పు, 16.5 అంగుళాల ఎత్తు. "భజన సంధ్య"ను అంగుళంన్నర ఎత్తున వేస్తే వెడల్పులో పడుతుంది, పదిహేను అడుగుల నుంచి చదవవచ్చు. తేదీ, వేళ, చోటు ముప్పావు అంగుళం. వరసల మధ్య ఖాళీ బాగా వదలమను. లేకపోతే పై వరస ఒత్తులు కింది వరస గుడుల్లో చిక్కుకుని రెండూ చదవరావు. నీ 47 మాటలు ఇదే కాగితం మీద పడితే అక్షరం ఎంత చిన్నదైపోతుందో ఊహించుకో.

దేవుడి బొమ్మ పెట్టుకో, కానీ అక్షరాలు బొమ్మ మీద పడకూడదు. పక్కనో పైనో దానికో చోటు ఇవ్వు, అక్షరాలకి ఒకే రంగు నేల ఉండనీ.

కమిటీ వాళ్ల పేర్ల గురించి నీకు టెన్షన్ ఉంటుందని తెలుసు. పేరు లేకపోతే అలిగేవాళ్లు ఉంటారు, వాళ్లు నిజంగా కష్టపడ్డవాళ్లే. వాళ్ల దగ్గరికి వెళ్లి ముందే చెప్పు: పత్రికలో అందరి పేర్లూ ఉంటాయి, మండపం గుమ్మం దగ్గర పెద్ద బోర్డు మీద ఉంటాయి, భజనకు ముందు మైకులో చదువుతాం అని. పోస్టర్ అచ్చయ్యాక చెబితే అది సంజాయిషీ అవుతుంది. నీ 47 మాటలు కూడా ఎక్కడికీ పోవు, పత్రిక మీదా ఫోన్లో పంపే మెసేజ్‌లోనూ అవి అందంగా ఉంటాయి.

చివరగా అచ్చు. మనం ఫోన్లో టైపు చేసి పంపిన తెలుగు ప్రెస్సువాళ్ల ఫాంట్‌లోకి మారేటప్పుడు ఒత్తులు విడిపోతాయి, కొన్ని చోట్ల వాళ్లు మళ్లీ టైపు చేస్తారు. ఒకసారి నాకు వచ్చిన ప్రూఫ్‌లో "భజన" కాస్తా "భోజన" అయింది. ఒక్క ఓత్వం తేడా. ముగ్గురం చూసి కూడా పట్టుకోలేదు, ఏముండాలో మాకు ముందే తెలుసు కాబట్టి అదే కనిపించింది. పైకి అక్షరం అక్షరం చదివినప్పుడే బయటపడింది. "సంధ్య"లో ధ, "ఆహ్వానం"లో ఆ, "ఆధ్వర్యం"లో ఆ కూడా తరచూ తప్పుపోయేవే. వేలు పెట్టి చదువు.

అచ్చుకి ఇచ్చే ముందు ఒక్క కాగితం అసలు సైజులో తీసి గోడకు అంటించు. సంగతి తెలియనివాళ్లని ఒకరిని ఏడు అడుగుల దూరంలో నిలబెట్టి, మూడు లెక్కపెట్టేంత సేపు చూపించి, కాగితం తిప్పెయ్యి. ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ అని అడుగు. తర్వాత "మీరు వెళ్తే ఏం చేస్తారు?" అని కూడా అడుగు. "వింటాను" అంటే రెండో వరస సైజు పెంచు. మొదటి మూడింటిలో ఏది చెప్పలేకపోతే ఆ వరసకు పైనో కిందో ఏదో అడ్డుపడుతోందని అర్థం. మాటలు పెంచకు, అడ్డుపడేదాన్ని తియ్యి.

ప్రూఫ్ రాగానే ఫోటో తీసి నాకు పంపు. దగ్గర నుంచి కాదు, వీధికి అవతల నిలబడి తియ్యి.

మీ మామయ్య