డ్రయర్‌లో మంటలు వస్తే నష్టం అద్దెదారుదేనా?

ప్రశ్న: డల్లాస్ దగ్గర అద్దె అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. డ్రయర్ యజమానిదే. బట్టలు రెండుసార్లు తిప్పితేగానీ ఆరడం లేదని మెయింటెనెన్స్ అతనికి చాలాసార్లు చెప్పాం. పోయిన నెల మంటలు వచ్చాయి. పాపను ఎత్తుకుని బయటికి పరుగెత్తాం. ఫిల్టర్ శుభ్రం చేయలేదంటూ యజమాని 6,000 డాలర్లు అడుగుతున్నాడు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. కాలినవి పారేసి, కొత్త డ్రయర్ కొనిచ్చి సర్దుకోమని స్నేహితుడు అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: ఈ వివాదాన్ని తేల్చేది ఒక్కటే: నూగు ఎక్కడ పేరుకుంది? ఫిల్టర్‌లోనా, గోడలోంచి బయటికి వెళ్లే వెంట్ గొట్టంలోనా? ప్రతి లోడ్‌కీ ఫిల్టర్ తీసి దులపడం మీ పని. గోడలోని గొట్టం, లీజ్‌లో వేరేగా లేకపోతే, సాధారణంగా యజమాని బాధ్యత. ఫిల్టర్ శుభ్రంగా ఉన్నా బట్టలు ఆరడం లేదంటే, సాధారణంగా తడిగాలి సరిగా బయటికి పోవడం లేదని అర్థం. వేడి లోపలే నిలిచి, హీటర్ దగ్గర చేరిన నూగు అంటుకోవచ్చు.

అయితే ఇదే మాట మీకు ఎదురు తిరుగుతుంది. గాలి ఆడడం లేదని తెలిసి కూడా ఎందుకు వాడారని అడుగుతారు. నోటిమాటగా చెప్పి ఊరుకోవడం మీ నిర్లక్ష్యమేనని వాదిస్తారు. టెక్సస్ చట్టం ప్రకారం రిపేరు నోటీసు అద్దె తీసుకునే వ్యక్తికి లేదా అద్దె కట్టే చోటికి చేరాలి. లీజ్‌లో లిఖితపూర్వకంగా అని ఉంటే రాసే ఇవ్వాలి. మెయింటెనెన్స్ అతనికి పంపిన మెసేజ్ ఒక్కటి దొరికినా మేలే, వెతకండి.

స్నేహితుడి సలహా మాత్రం వినొద్దు. ఆ డ్రయర్ మీది కాదు. పైగా కాలిన గొట్టమే మీ సాక్ష్యం. దాన్ని పారేస్తే, మీకు వ్యతిరేకంగా ఉందనే పారేశారని వాదిస్తారు. దేన్నీ కదపకుండా ఫిల్టర్‌ను, డ్రయర్ వెనుక భాగాన్ని, బయటి గోడ మీది ఫ్లాప్‌ను ఫొటోలు తీయండి. గొట్టం ప్లాస్టిక్‌దా, పల్చటి ఫాయిల్‌దా, గట్టి లోహపుదా అన్నది కనబడాలి. మొదటి రెండూ ప్రమాదకరమైనవి. అవి యజమాని పెట్టించినవైతే మీ వాదనకు బలం. డ్రయర్‌నూ గొట్టాన్నీ అలాగే ఉంచమని యజమానికి ఈరోజే ఈమెయిల్ పంపండి. ఫైర్ డిపార్ట్‌మెంట్ రిపోర్టు తీసుకోండి.

రెంటర్స్ ఇన్సూరెన్స్ ఉంటే ఆ కంపెనీకి వెంటనే తెలియజేయండి. అందులోని లయబిలిటీ కవర్ ఇలాంటి డిమాండ్‌కే. వాళ్లను అడగకుండా తప్పు ఒప్పుకుంటూ సంతకం చేయకండి. మీ వస్తువులు కాలితే, నిర్లక్ష్యం కింద దావాకు గడువు మంట వచ్చిన రోజు నుంచి 2 ఏళ్లు. యజమాని లీజ్ ఉల్లంఘన అంటూ వస్తే అతనికి 4 ఏళ్లు, కాబట్టి కాగితాలు దాచండి.

కొత్త డ్రయర్ పెట్టాక డ్రయర్ షీట్లు వాడితే ఫిల్టర్ మీద నీళ్లు పోసి చూడండి. జాలీలోంచి దిగకుండా నిలిస్తే, కంటికి కనబడని జిడ్డు పొర పట్టినట్టే. సబ్బు నీళ్లతో మెత్తటి బ్రష్‌తో కడిగి, ఆరాకే పెట్టండి. డ్రయర్ నడుస్తుండగా బయటి ఫ్లాప్ తెరుచుకోకపోతే ఆపేసి, గొట్టం శుభ్రం చేయించమని తేదీతో ఈమెయిల్ రాయండి. ఏడాదికోసారి ఎలాగూ అడగండి.