నకిలీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి పోగొట్టుకున్న డబ్బు: బ్యాంకు ఎంత భరించాలి?

ప్రశ్న: పార్సిల్ రాలేదని కొరియర్ కంపెనీ నంబరు నెట్‌లో వెతికి ఫోన్ చేశాను. అడ్రస్ సరిచేయాలని వాట్సాప్‌లో ఒక ఫైల్ పంపి ఇన్‌స్టాల్ చేయించి, 5 రూపాయలు కట్టమన్నాడు. 11.40కి 49,000, 11.46కి 20,000 పోయాయి. 11.58కి బ్యాంకుకు ఫోన్ చేసి ఖాతా బ్లాక్ చేయమన్నాను. అయినా 12.20కి మరో 18,000 పోయాయి. ఓటీపీ ఎవరికీ చెప్పలేదు. తప్పు మీదేనంటోంది బ్యాంకు. డబ్బు వస్తుందా?
– మద్దిలపాలెం, విశాఖపట్నం

జవాబు: ముందు ఆ 18,000 సంగతి. అది బ్యాంకే ఇవ్వాలి. 2017 జులై 6న రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, ఖాతాదారు నిర్లక్ష్యం ఉన్నా, బ్యాంకుకు చెప్పేవరకు పోయినదే ఆయన నష్టం. చెప్పిన తర్వాత పోయినది బ్యాంకుదే. అంటే మీ కేసులో 11.58 అన్న ఆ టైమే అసలైన సాక్ష్యం. కాల్ లాగ్ స్క్రీన్‌షాట్, బ్యాంకు ఇచ్చిన ఫిర్యాదు నంబరు జాగ్రత్త చేయండి. బ్రాంచి మేనేజరుకు ఈ నాలుగు టైములూ వరుసగా రాసి ఇచ్చి, రసీదు ముద్ర వేయించుకోండి.

మిగిలిన 69,000 దగ్గరే పేచీ. సరైన ఓటీపీ పడింది కాబట్టి మీరే చెప్పారని బ్యాంకు వాదిస్తుంది. కానీ అలాంటి ఫైళ్లు ఫోన్‌కొచ్చే మెసేజ్‌లను చదివి అవతలివాడికి పంపేస్తాయి. తప్పు ఖాతాదారుదని రుజువు చేసే బాధ్యత బ్యాంకు మీదే ఉందని ఆ సర్క్యులరే చెబుతోంది. అందుకే, ఫిర్యాదులో ‘ఓటీపీ షేర్ చేశాను’ అని ఎవరు రాసినా సంతకం పెట్టకండి. రాసేవాళ్లు అలవాటుగా ఆ మాట రాసేస్తారు, తర్వాత బ్యాంకు దాన్నే చూపిస్తుంది. ఫోన్ ఫార్మాట్ కూడా చేయించకండి. ఆ ఫైలే మీ సాక్ష్యం. ఫ్లైట్ మోడ్‌లో పెట్టి పోలీసులకు చూపించండి. అయితే తెలియని ఫైల్ వేసుకోవడమే నిర్లక్ష్యమని బ్యాంకు అనవచ్చు. కాబట్టి ఈ 69,000 ఖాయంగా వస్తుందని నేను చెప్పను.

సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఇంకా ఫోన్ చేయకపోతే ఇప్పుడే చేయండి. లేదా cybercrime.gov.in లో ఫిర్యాదు పెట్టండి. డబ్బు వెళ్లిన ఖాతాలో ఎంతో కొంత మిగిలి ఉంటే దాన్ని ఆపుతారు. ఆగినంత మాత్రాన అది మీ ఖాతాలోకి రాదు, చాలామంది ఇక్కడే పొరబడతారు. ఎంత ఆగిందో సైబర్ పోలీసుల దగ్గర తెలుసుకుని, సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ చట్టం 503 సెక్షన్ కింద మేజిస్ట్రేట్ కోర్టులో పిటిషన్ వేయాల్సి రావచ్చు.

బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, కాదన్నా, cms.rbi.org.in లో, బ్యాంకులపై ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. లాయరు అక్కర్లేదు.

ఆ నంబరు చూపించిన సెర్చ్ కంపెనీ మీద కేసు వేస్తే మాత్రం, వేరేవాళ్లు పెట్టిన సమాచారానికి తమ బాధ్యత లేదని, ఐటీ చట్టం 79వ సెక్షన్ రక్షణ ఉందని వాళ్లు అడ్డు చెబుతారు. నేనైతే ఆ ఖర్చు పెట్టించను. ఆ లిస్టింగు ఇంకా కనిపిస్తుంటే మాత్రం, తీసేయమని రిపోర్ట్ కొట్టేముందే పేరు, నంబరు, తేదీ కనపడేలా స్క్రీన్‌షాట్ తీసుకోండి.