27 దగ్గర డీజెనరసీ 4, లెక్క మాత్రం √E వక్రం కంటే కింద: ఎందుకు?

ప్రశ్న: క్యూబు ఆకారపు పెట్టెలో ఎలక్ట్రాన్ స్థాయిలు లెక్కపెట్టడానికి చిన్న ప్రోగ్రాం రాశాను. nx²+ny²+nz² = 27 దగ్గర డీజెనరసీ 4 వస్తోంది. 1, 3, 6 తప్ప వేరే సంఖ్య రాకూడదు కదా? పైగా అక్కడి దాకా మొత్తం 48 స్థితులే వచ్చాయి, స్థితుల సాంద్రతకు వాడే √E సూత్రాన్ని అక్కడి దాకా కూడితే 73 రావాలి. తప్పెక్కడ?

జవాబు:

మీ కోడ్ సరిగ్గానే ఉందండీ. 4 నిజం, 48 కూడా నిజం. తేడా సూత్రంలో ఉంది. అది పెద్ద లోహపు ముక్కకు సరిపోయే సూత్రం, క్వాంటం డాట్ లాంటి నానోమీటర్ల పెట్టెకు కాదు.

ముందు 4 సంగతి. శక్తి E = E0·S, ఇక్కడ S = nx²+ny²+nz², E0 = h²/8mL². మూడు సంఖ్యలూ వేరైతే వాటిని ఆరు రకాలుగా అమర్చవచ్చు, రెండు ఒకటైతే మూడు రకాలుగా, మూడూ ఒకటైతే ఒక్కటే. మీరు 1, 3, 6 అన్నది ఇందుకే. కానీ 27ని రెండు దారుల్లో రాయొచ్చు: 25+1+1, 9+9+9. మొదటిది (5,1,1) కుటుంబం, మూడు స్థితులు. రెండోది (3,3,3), ఒక్క స్థితి. సంబంధం లేని రెండు కుటుంబాలు అంకెల పుణ్యమా అని ఒకే శక్తి దగ్గర కలిశాయి. దీన్నే యాదృచ్ఛిక డీజెనరసీ అంటారు. పైకి వెళ్లేకొద్దీ ఇలాంటివి మామూలైపోతాయి: 33 దగ్గర (4,4,1), (5,2,2) కలిసి 6, 38 దగ్గర (5,3,2), (6,1,1) కలిసి 9.

సరిచూసుకోవడానికి ఇది చాలు:

```python
from collections import Counter
M = 12
r = range(1, M + 1)
g = Counter(a*a + b*b + c*c for a in r for b in r for c in r)
total = 0
for S in sorted(g):
    if S > M*M:
        break
    total += g[S]
    print(S, g[S], total)
```

ఇందులో రెండు జాగ్రత్తలు. S పూర్ణాంకం కాబట్టి పోలిక పూర్ణాంకాలతోనే చేయాలి. శక్తిని దశాంశాల్లోకి మార్చాక సమానమా అని అడిగితే గుండ్రంగా చేసిన చివరి అంకె వల్ల ఒక్క స్థాయి రెండుగా విడిపోయి కనిపిస్తుంది. రెండోది, n ను M దగ్గర ఆపేశాం కాబట్టి M*M దాటిన ఫలితాలను వాడొద్దు. అక్కడి నుంచి కొద్ది దూరంలోనే స్థితులు మాయమవడం మొదలై, సాంద్రత పడిపోతున్నట్టు భ్రమ కలుగుతుంది.

ఇక 73. S = 27 అంటే nx, ny, nz అక్షాల మీద R = √27 ≈ 5.2 వ్యాసార్థం ఉన్న గోళం. మూడూ ధన సంఖ్యలే కాబట్టి అందులో ఎనిమిదో వంతు తీసుకుంటాం. ఘనపరిమాణం πR³/6 = 73.5. ఒక్కో స్థితికి ఒక్కో చిన్న ఘనం అనుకుని ఈ సంఖ్యనే స్థితుల సంఖ్య అనేస్తాం. చిక్కంతా ఇక్కడే. ఒక్కో ఘనానికి నడిబొడ్డున ఒక్కో బిందువు ఉందని ఊహించండి. n = 1 వద్ద ఉన్న బిందువు చుట్టూ ఘనం సగం నుంచి ఒకటిన్నర దాకా పరుచుకుంటుంది. అంటే 0 నుంచి 0.5 వరకు ఉన్న పలకలో ఎవరూ లేరు, ఎందుకంటే n = 0 అయితే తరంగ ప్రమేయమే సున్నా. అలాంటి పలకలు మూడు, ఒక్కోదాని వైశాల్యం పావు వృత్తం πR²/4, మందం 0.5. కలిపితే 3πR²/8. R = 5.2 దగ్గర ఇది 31.8.

73.5 లోంచి 31.8 పోతే 41.7. అంచుల దగ్గర రెండు పలకలు ఒకదానిమీదొకటి పడిన చోటు రెండుసార్లు తీసేశాం కదా, దాన్ని సరిదిద్దితే పూర్తి రూపం ఇది:

πR³/6 − 3πR²/8 + 3R/4 − 1/8

27 దగ్గర దీని విలువ 45.4. మీ లెక్క 27కి ముందు 44, తర్వాత 48, మెట్టు మధ్య 46. ఇంత చిన్న సంఖ్యల దగ్గర ఇంతకంటే బాగా కుదరమంటే అత్యాశే.

రెండో పదానికీ మొదటిదానికీ నిష్పత్తి 9/(4R). గోడల ప్రభావం ఒక్క శాతానికి తగ్గాలంటే R సుమారు 225 కావాలి, అంటే దాదాపు అరవై లక్షల స్థితులు. డాట్‌లో మనం పట్టించుకునేది మొదటి పది ఇరవై స్థితులనే. అక్కడ √E వాడటం పొరపాటు, స్థాయిల పట్టికే వాడాలి. అన్నట్టు పై అంకెలన్నీ స్పిన్ లేకుండా. ముందు V/2π² ఉన్న సూత్రంలో స్పిన్ 2 కలిసే ఉంటుంది, V/4π² ఉంటే లేదు. రెంటినీ కలగాపులగం చేసి రెట్టింపు తేడాతో తలపట్టుకునేవాళ్లు చాలామందే ఉన్నారు.

అసలు డాట్ దగ్గరికొస్తే డీజెనరసీ ఎంత సున్నితమో తెలుస్తుంది. 10 నానోమీటర్ల గాలియం ఆర్సెనైడ్ క్యూబు తీసుకోండి, ప్రభావ ద్రవ్యరాశి ఎలక్ట్రాన్ ద్రవ్యరాశికి 0.067 వంతు. E0 సుమారు 56 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులు. మొదటి స్థాయి (1,1,1) 168 దగ్గర, మూడు స్థితులున్న (2,1,1) 337 దగ్గర. ఇప్పుడు ఒక్క z దిశలో పెట్టెను 5 శాతం పొడిగించండి. (2,1,1), (1,2,1) 332 దగ్గర కలిసే ఉంటాయి, (1,1,2) మాత్రం 316కి దిగుతుంది. ఆ ఒక్క మార్పుకే 3 కాస్తా 2+1 అయింది, మధ్య ఎడం దాదాపు 16.

ఈ ఎడం కొలతలో కనిపిస్తుందా అన్నది వేరే ప్రశ్న. డాట్ల గుంపును ఒకేసారి కొలిస్తే ఒక్కో డాట్ సైజు ఒక్కోలా ఉంటుంది. మూడు దిశల్లోనూ 5 శాతం పెద్దదైన డాట్‌లో ఆ 337 కాస్తా 305కి వస్తుంది, అంటే విడిపోయిన ఎడానికి రెట్టింపు జరుగుడు. గది ఉష్ణోగ్రతలో kT కూడా 26 ఉంటుంది. కాబట్టి గుంపులో ఆ రెండు గీతలు ఒకే మబ్బుగా కనిపిస్తాయి. విడిగా చూడాలంటే ఒక్క డాట్‌ను బాగా చల్లబరిచి కొలవాలి.

ఇంకో పరిమితి. అల్యూమినియం 30 శాతం ఉన్న చుట్టుపొర ఎలక్ట్రాన్‌కు పెట్టే గోడ ఎత్తు పావు ఎలక్ట్రాన్ వోల్టు ప్రాంతంలోనే ఉంటుంది. మనం లెక్కగట్టిన 337 గోడనే దాటేసింది! అనంతమైన గోడ సూత్రం ఇక్కడ చెల్లదు. నిజమైన గోడలో తరంగం బయటికి కాస్త పాకుతుంది కాబట్టి స్థాయిలు కిందికి దిగుతాయి, పైవి అసలు నిలవకపోవచ్చు.

గోడ ఎత్తుకు హద్దు పెట్టగానే డీజెనరసీ కూడా మారుతుంది. లోతైన డాట్ అయితే (2,1,1), (2,2,1) మూడేసిగానే ఉంటాయి, వాటిని క్యూబు సౌష్ఠవమే కాపాడుతుంది. (3,1,1) మూడు మాత్రం 2+1గా విడిపోతాయి. వాటిని కలిపి ఉంచింది సౌష్ఠవం కాదు, x, y, z సమీకరణాలు విడివిడిగా తెగిపోవడం. హద్దున్న గోడలతో మూలల దగ్గర అలా తెగవు. సంఖ్యాత్మకంగా సాధించినప్పుడు S = 11 దగ్గర ఈ చీలిక కనిపిస్తే గ్రిడ్ లోపమని కొట్టిపారేయకండి. గ్రిడ్ బిందువుల మధ్య దూరాన్ని సగానికి తగ్గించి మళ్లీ నడపండి: లోపమైతే చీలిక తగ్గిపోతుంది, నిజమైతే అక్కడే నిలుస్తుంది.