హిందీ సంభాషణ రాయబోతున్న సుమతికి

చిరంజీవి సుమతికి, బాబాయి ఆశీస్సులు.

హిందీ ‘ప్రవీణ్’ పరీక్ష ప్యాసై లక్నో బదిలీకి సిద్ధమవుతున్న మీ సహోద్యోగులకు హిందీ మాటలు సాధన చేయించే పని నీకు అప్పగించారని అన్నయ్య ఫోనులో చెప్పినప్పుడు నా సంతోషానికి హద్దు లేదు. మధ్యమ పరీక్షకు నా దగ్గర కూర్చుని ‘నే’ ప్రయోగం అంతుపట్టక కళ్ళనీళ్ళు పెట్టుకున్న పిల్లవి నువ్వే కదా! అయితే, ‘చిన్న సంభాషణే కదా, ఒక సాయంత్రం కూర్చుంటే అయిపోతుంది’ అన్నావని విన్నాక మాత్రం నాకు కంగారు పుట్టింది. అందుకే ఈ ఉత్తరం.

సంభాషణలో ఇద్దరూ కలిపి ఎనిమిదిసార్లకు మించి మాట్లాడనివ్వకు. ఇద్దరు మనుషులు, ఒక్క అవసరం చాలు. ‘నే’ జోలికి పోకు, అది వేరే పాఠం. ఆఫీసు నోటింగులలో రాసే ‘అవలోకనార్థ్ ప్రస్తుత్’ వంటివి మాటల్లోకి తీసుకురాకు. ఇక అసలు విషయానికి వస్తాను.

నా దగ్గర చదువుకున్న ఒక కుర్రవాడు, తెలివైనవాడు, మంచి మార్కులతో పరీక్షలన్నీ గట్టెక్కి లక్నోలో ఒక కార్యాలయంలో చేరాడు. చేరిన కొత్తలోనే ఒక పాత ఫైలు అవసరమై, ఆ విభాగంలో అందరూ ‘బడే బాబూ’ అని పిలిచే పెద్ద గుమాస్తా దగ్గరికి వెళ్ళి, ‘ముఝే యహ్ ఫైల్ ఆజ్ హీ చాహియే. కృపయా శీఘ్ర్ దీజియే’ అన్నాడు. ఆ పెద్దమనిషి తలెత్తి ఒక్కసారి చూసి, ‘జీ హుజూర్’ అన్నాడు. ఫైలు ఆ రోజు రాలేదు, ఆ వారంలోనూ రాలేదు. ‘మాస్టారూ, నా వాక్యంలో తప్పెక్కడుంది? కృపయా అన్నాను, దీజియే అన్నాను, ఆయనకు కోపమెందుకు?’ అని కుర్రవాడు నాకు ఉత్తరం రాశాడు.

వ్యాకరణంలో తప్పు లేదు. కానీ ‘కృపయా’ రైల్వే స్టేషను మైకులో, గోడమీది బోర్డులో, దరఖాస్తులో ఉండే మాట. మన ‘దయచేసి’ కూడా అంతే కదా! పక్క సీటాయన్ను ఫైలు అడగాలంటే ‘దయచేసి ఇవ్వండి’ అని మనం అంటామా? ‘కాస్త ఆ ఫైలు ఇస్తారా?’ అంటాము. హిందీవారూ అలాగే ‘జరా వో ఫైల్ దేఁగే?’ అంటారు. మన ‘కాస్త’ చేసే పని అక్కడ ‘జరా’ చేస్తుంది, ‘ఇస్తారా’ అనే ప్రశ్న చేసే పని ‘దేఁగే’ చేస్తుంది. ఆ కుర్రవాడు తెలుగులో పుట్టుకతో తెలిసిన మర్యాదను పక్కనపెట్టి, పుస్తకంలోని మర్యాదను పట్టుకెళ్ళాడు. పైగా ‘చాహియే’, ‘ఆజ్ హీ’, ‘శీఘ్ర్’ మూడూ కలిసి, అధికారి ఉత్తర్వు చదివినట్టు వినిపించి ఉంటాయి. మీవాళ్ళలో ఎవరికీ కొత్త ఊళ్ళో, మొదటి వారంలోనే అలాంటి పరాభవం ఎదురుకాకూడదనేదే నా భయం.

అదే అవసరాన్ని ఎలా అడగాలో నేనొక నమూనా రాశాను, చూడు.

స్వాతి: నమస్తే వర్మా జీ, ఏక్ మినట్ బాత్ కర్ సక్తీ హూఁ?
వర్మా: హాఁ హాఁ, ఆయియే, బైఠియే. బతాయియే.
స్వాతి: ఆప్ సే ఏక్ కామ్ థా. ముఝే పిఛ్లే సాల్ కీ ఖరీద్ వాలీ ఫైల్ చాహియే థీ.
వర్మా: వో తో రికార్డ్ రూమ్ మేఁ హోగీ. కబ్ తక్ చాహియే?
స్వాతి: తీన్ బజే మీటింగ్ హై. అగర్ ఉస్ సే పహలే మిల్ జాయే, తో అచ్ఛా రహేగా.
వర్మా: రామ్‌లాల్ జీ ఖానా ఖానే గయే హైఁ. ఉన్ కే ఆతే హీ నికల్వా దూఁగా.
స్వాతి: జీ, శుక్రియా. ఫైల్ ఆ జాయే తో ముఝే ఫోన్ కర్ దీజియేగా.
వర్మా: ఠీక్ హై, కర్ దూఁగా.

ఇందులో స్వాతి ఒక్కసారి కూడా ‘కృపయా’ అనలేదు. ఆమె అవసరం ఇప్పటిదే, అయినా ‘చాహియే థీ’ అని భూతకాలంలో చెప్పింది. ‘మీతో చిన్న పనుండి వచ్చాను’ అని మనం మాటను మెత్తబరచినట్టే ఇది. ఇక్కడ మగవారు తప్పకుండా తడబడతారు, జాగ్రత్త. ‘నేను మగవాణ్ణి కదా’ అని ‘చాహియే థా’ అనేస్తారు. ఆ క్రియ అడిగేవారిని బట్టి మారదు, అడిగే వస్తువును బట్టి మారుతుంది. ఫైలు స్త్రీలింగం కాబట్టి ఎవరన్నా ‘థీ’యే, ‘కామ్’ పుంలింగం కాబట్టి ‘థా’. మొదటి వాక్యంలోని ‘సక్తీ హూఁ’ మాత్రం మాట్లాడేవారిని బట్టి మారుతుంది, మగవారికి ‘సక్తా హూఁ’. ఈ రెండింటినీ ఒకే రోజు పక్కపక్కన పెట్టి చెప్పు.

గడువు చెప్పిన తీరు కూడా గమనించు. మూడింటిలోగా ఇవ్వండి అనలేదు, మూడింటికి మీటింగుందని చెప్పి, ఈలోగా దొరికితే బాగుంటుందని ఊరుకుంది. ఇచ్చేవాడి ప్రస్తావనే ఆ వాక్యంలో లేదు. చివర ‘దీజియే’ అనక ‘దీజియేగా’ అన్నది, ఆ ఫోను ఇప్పుడు కాక తరువాత చేయవలసింది కాబట్టి.

మనవాళ్ళకు ‘కర్ దీజియే’, ‘కర్ లీజియే’ల తేడా చెప్పడానికి ఇంగ్లీషు వ్యాకరణం వైపు వెళ్ళకు, దారి మన ఇంట్లోనే ఉంది. ‘చేసిపెట్టండి’ అంటే ‘కర్ దీజియే’, ‘చేసుకోండి’ అంటే ‘కర్ లీజియే’. ‘మేరా ఫారమ్ భర్ దీజియే’ అంటే నా ఫారం నింపిపెట్టండని, ‘ఆప్ అప్నా ఫారమ్ భర్ లీజియే’ అంటే మీది మీరు నింపుకోండని. అన్ని క్రియలకూ ఈ పోలిక సరిపోదు కానీ, ఆఫీసులో సాయం అడగడానికి ఇది చాలావరకు నిలుస్తుంది. ‘దే’ అనవలసిన చోట ‘లే’ అంటే, సాయం అడగబోయి ‘నీ పని నువ్వు చేసుకో’ అన్నట్టవుతుంది!

రామ్‌లాల్ గురించిన వాక్యాన్ని మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ తీసేయకు. అతను అటెండరు, వయసులో పెద్దవాడు, ఎదురుగా లేడు. అయినా వర్మ ‘గయా హై’ అనక ‘గయే హైఁ’ అన్నాడు. మనవాళ్ళు ఎదుట ఉన్నవారికి ‘ఆప్’ అనడం త్వరగానే నేర్చుకుంటారు, పరోక్షంలో ఉన్నవారి విషయంలో క్రియను బహువచనంలో పెట్టడం మరిచిపోతారు. తెలుగులో ‘వెళ్ళాడు’, ‘వెళ్ళారు’ తేడా తెలిసినవారికి ఇది కష్టం కాదు, గుర్తుచేయడమే కావాలి. అటెండరును మంచినీళ్ళు అడిగేటప్పుడు కూడా ‘పానీ లావో’ వద్దు, ‘జరా పానీ పిలా దీజియే’ అనమను.

సంభాషణను బట్టీ పట్టించి వదిలేయకు తల్లీ. ఇద్దరు చదివాక పాత్రలు మార్పించు, తరువాత వర్మ స్థానంలో ఒకసారి పై అధికారిని, ఒకసారి తోటి వయసు స్నేహితురాలిని పెట్టి, అదే ఫైలు అడగమను. స్నేహితురాలితో ‘జరా వో ఫైల్ దే దోగీ?’ అని ‘తుమ్’లోకి దిగవచ్చు, కానీ ముందుగా ఆమె ‘తుమ్’ అన్నాకే. ‘ఆప్’తో మొదలుపెట్టినవారు మధ్యలో ‘ఆప్ దే దో’ అన్నారంటే, సర్వనామం వచ్చింది కానీ క్రియ ఇంకా రాలేదని అర్థం, అక్కడే ఆపి సరిచేయించు. అలాంటి మాట లక్నోలో వారికి వినిపించినా వినిపించవచ్చు, విన్నా తాము అనవద్దని చెప్పు.

నువ్వు రాసింది నకళ్ళు తీయించక ముందు నాకొకసారి పంపు. కళ్ళు మునుపటిలా లేవు, కాస్త పెద్ద అక్షరాలతో రాయి.

ఇట్లు,
నీ బాబాయి