50 రోజుల వడ్డీ లేని గడువు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది?

ప్రశ్న: "నా క్రెడిట్ కార్డు బిల్లు ప్రతి నెలా 12న వస్తుంది. ఆగస్టు 5న కూకట్‌పల్లిలో టీవీ కొన్నాను. కార్డు ఇచ్చేటప్పుడు 50 రోజులు వడ్డీ ఉండదన్నారు. ఇప్పుడు చూస్తే సెప్టెంబరు 1కే కట్టమని ఉంది, అంటే 27 రోజులే. బ్యాంకు వాళ్లు మోసం చేశారా?"

మోసం కాదండి. వాళ్లు చెప్పింది "50 రోజుల వరకు" అని. ఆ "వరకు" అన్న మాటే మనకు వినపడదు. నాదీ ఇంతకు ముందు మీలాగే 12వ తేదీ బిల్లు కార్డే, అందుకే తేదీలతో సహా చెప్పగలను.

వడ్డీ లేని రోజులు రెండు ముక్కలుగా వస్తాయి. మొదటిది, మీరు కొన్న రోజు నుంచి బిల్లు తయారయ్యే రోజు వరకు. ఇది మీరు ఎప్పుడు కొన్నారన్న దాన్ని బట్టి మారుతుంది. రెండోది, బిల్లు వచ్చిన రోజు నుంచి కట్టాల్సిన ఆఖరు తేదీ వరకు. మన కార్డులో ఇది 20 రోజులు, ప్రతి నెలా అంతే. మీరు ఆగస్టు 5న కొన్నారు కాబట్టి 12 వరకు 7 రోజులు, అక్కడి నుంచి సెప్టెంబరు 1 వరకు 20, మొత్తం 27. అదే టీవీని జూలై 13న కొని ఉంటే ఆగస్టు 12 దాకా 30 రోజులు, మీద 20, సరిగ్గా 50 వచ్చేవి. ఆగస్టు 13న కొన్నా అంతే: సెప్టెంబరు 12 బిల్లులో పడి, అక్టోబరు 2న కట్టాల్సి వచ్చేది. ఎనిమిది రోజులు ఆగితే 23 రోజులు ఎక్కువ దొరికేవి. అప్పట్లో పెద్ద వస్తువు కొనేటప్పుడు నేను వంటింట్లో వేలాడే తెలుగు క్యాలెండర్‌లో ముందు 12ను చూసేవాణ్ని. మా ఆవిడ దాని చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి పెట్టేది.

బిల్లు రోజునో, దానికి ఒక రోజు ముందో కొంటే కాస్త జాగ్రత్త. షాపు వాళ్ల దగ్గర నుంచి లావాదేవీ బ్యాంకు ఖాతాలోకి ఎక్కడానికి ఒకటి రెండు రోజులు పట్టవచ్చు, ఎక్కిన రోజును బట్టి అది ఈ బిల్లులోకో వచ్చే బిల్లులోకో వెళ్తుంది. యాప్‌లో Unbilled అని ఉండే చోట కనపడుతుంటే ఇంకా బిల్లులో పడలేదని అర్థం. ఊహించుకోకుండా అక్కడ చూసుకోండి.

అయితే మీరు అడగనిది ఇంకోటి ఉంది. నాకు డబ్బు పోయింది అక్కడే కాబట్టి దాన్ని కొంచెం వివరంగా చెబుతాను. ఈ 50 రోజులైనా 27 రోజులైనా, పోయిన బిల్లు పైసాతో సహా కట్టేసిన వాళ్లకే.

పోయిన ఏడాది ఆగస్టు 12 బిల్లు నాకు 18,000 వచ్చింది. ఆఖరు తేదీ సెప్టెంబరు 1. ఆ నెల మా అమ్మకు కంటి ఆపరేషన్ ఉండి చేతిలో డబ్బు తక్కువైంది. 13,000 కట్టి, మిగతా 5,000 వచ్చే నెల చూద్దామనుకున్నాను. కనీస మొత్తం కన్నా ఎక్కువే కట్టాను కదా, లేట్ ఫీజు పడదు కదా అని ధైర్యం. లేట్ ఫీజు నిజంగానే పడలేదు. సెప్టెంబరు 3న పాత ఫ్రిజ్ చెడిపోయింది, దిల్‌సుఖ్‌నగర్ వెళ్లి 40,000 పెట్టి కొత్తది తెచ్చాం. మనసులో లెక్క ఏంటంటే, 12న బిల్లు, అక్టోబరు 2న కట్టాలి, 29 రోజులు వడ్డీ ఉండదు.

సెప్టెంబరు 12 బిల్లులో Finance Charges అని ఒక వరుస కనిపించింది. మిగిల్చిన 5,000 మీద వడ్డీ ఉంటుందని తెలుసు. కానీ ఫ్రిజ్ మీద కూడా వేశారు, అదీ కొన్న 3వ తేదీ నుంచే. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే ఆ అమ్మాయి ఓపికగా చెప్పింది: "సర్, పాత బాకీ ఒక్క రూపాయి మిగిలినా, కొత్తగా కొన్నవాటికి వడ్డీ లేని గడువు ఉండదు. కొన్న రోజు నుంచే లెక్క."

నా కార్డు వడ్డీ నెలకు 3.5 శాతం, అంటే ఏడాదికి 42 శాతం. 40,000 మీద ఏడాదికి 16,800. 365తో భాగిస్తే రోజుకు 46 రూపాయలు. సెప్టెంబరు 3 నుంచి 12 వరకు 10 రోజులకు 460, దాని మీద 18 శాతం జీఎస్టీ 83. సరే, పాఠం నేర్చుకున్నాం అని అక్టోబరు 2న Total Amount Due ఎంత ఉంటే అంతా కట్టేశాను.

అక్టోబరు 12 బిల్లులో మళ్లీ వడ్డీ వచ్చింది. నాకు బాగా కోపం వచ్చింది. అంతా కట్టాను కదా! తర్వాత కూర్చుని లెక్కేస్తే అర్థమైంది. సెప్టెంబరు 12 బిల్లులో ఆ రోజు వరకే వడ్డీ వేశారు. 13 నుంచి నేను కట్టే దాకా ఫ్రిజ్ డబ్బు మీద రోజుకు 46 నడుస్తూనే ఉంది. అక్టోబరు 1 వరకు 19 రోజులకు 874, జీఎస్టీ 157. ఫ్రిజ్ ఒక్కదాని మీదే రెండు బిల్లుల్లో కలిపి 1,574 రూపాయలు పోయింది. నేను వెనక్కి పెట్టుకున్నది 5,000 మాత్రమే.

అందుకే మీరు ఎప్పుడైనా బిల్లు పూర్తిగా కట్టలేకపోతే, ఆ రోజు నుంచి ఆ కార్డు తీయకండి. కూరగాయలైనా సరే, యూపీఐలో మీ ఖాతా నుంచే కట్టండి. బిల్లు వచ్చే దాకా కూడా ఆగనక్కర్లేదు, డబ్బు చేతికి రాగానే కార్డుకు కట్టేస్తే ఆ రోజుతో వడ్డీ ఆగుతుంది. ఆ తర్వాత బిల్లులో Finance Charges దగ్గర సున్నా కనిపించాకే మళ్లీ గడువు లెక్కలు వేసుకోండి. ఏటీఎంలో కార్డుతో నగదు తీస్తే మాత్రం ఈ గడువు ఎప్పుడూ ఉండదు, బిల్లులన్నీ కట్టిన వాళ్లకైనా తీసిన రోజు నుంచే వడ్డీ.

లేట్ ఫీజు ఆఖరు తేదీ దాటి మూడు రోజులు గడిచాకే వేయాలని ఆర్‌బీఐ నిబంధన ఉంది. దాన్ని చూసి కొందరు మూడు రోజులు అదనంగా గడువు ఉందనుకుంటారు. ఫీజుకు ఉంది, వడ్డీకి లేదు. వడ్డీ విషయంలో ఆఖరు తేదీ అంటే ఆఖరు తేదీనే. అందుకే మీ టీవీ డబ్బు సెప్టెంబరు 1న కాకుండా ఆగస్టు 29లోపే కట్టండి. వేరే బ్యాంకు నుంచి పంపిన డబ్బు కార్డు ఖాతాలో జమ కావడానికి ఒక్కోసారి రోజు పడుతుంది.

మీ జీతం 1వ తేదీన పడేటట్లయితే, ఈ 1, 2 తేదీల గడువు ప్రతి నెలా టెన్షనే. బిల్లు తేదీ మార్చమని అడిగే హక్కు ఆర్‌బీఐ 2022లో ఇచ్చిన ఆదేశాల్లోనే ఉంది, కనీసం ఒక్కసారైనా మార్చాలి. నేను 12 నుంచి 18కి మార్పించుకున్నాను. ఇప్పుడు కట్టాల్సింది 7, 8 తేదీల్లో పడుతోంది, అప్పటికి జీతం వచ్చేసి ఉంటుంది. మార్చిన నెలలో మాత్రం బిల్లు కాలం మామూలు 30 రోజులు ఉండదు, తక్కువో ఎక్కువో అవుతుంది. ఆ ఒక్క బిల్లుకు పాత తేదీలు గుర్తుపెట్టుకుని కట్టకుండా, దాని మీద రాసి ఉన్న ఆఖరు తేదీనే చూడండి.